టీవీకి కలవని అడాప్టర్: షాపుకు లేఖ రాశాను, పంపే ముందు ఒకసారి చూడండి

తెనాలి టీచర్

అందరికీ నమస్కారం. మా ఇంటికి పదో తరగతి పిల్లలు పదకొండు మంది ట్యూషన్‌కు వస్తారు. సైన్సు పాఠాల వీడియోలు ఫోన్లో పెడితే వెనక కూర్చున్నవాళ్ళకు కనిపించడం లేదు. హాల్లో టీవీ ఉంది. ఎనిమిదేళ్ళ నాటిది, నెట్ వచ్చే రకం కాదు, కానీ వెనక రెండు హెచ్‌డీఎంఐ పోర్టులున్నాయి. ఫోన్ను దానికి తగిలించే అడాప్టర్ దొరుకుతుందని విని, ఈ నెల 12న మా ఊరి మెయిన్ రోడ్డులోని ఒక మొబైల్ షాపులో 1,150 రూపాయలు పెట్టి కొన్నాను. ఒకవైపు టైప్-సి పిన్ను, ఇంకోవైపు హెచ్‌డీఎంఐ, పక్కన చార్జర్ పెట్టుకోవడానికి ఒక పోర్టు.

ఇంటికొచ్చి పెడితే టీవీలో ఏమీ రాలేదు. No Signal అని మాత్రమే వస్తోంది. పక్క పోర్టులో చార్జర్ పెడితే ఫోన్ చార్జ్ అవుతోంది. రెండుసార్లు షాపుకు వెళ్ళాను. మొదటిసారి "మళ్ళీ ట్రై చేయండి" అన్నారు. రెండోసారి "మీ ఫోన్‌దే ప్రాబ్లమ్, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం" అని బిల్లు మీద అచ్చేసిన లైను చూపించారు. అందుకే లేఖ రాద్దామనుకున్నాను. ఇదిగో నేను రాసింది:

"షాపు యజమాని గారికి, మీరు నాకు పాడైపోయిన అడాప్టర్‌ను అంటగట్టి మోసం చేశారు. ఒక టీచర్‌ను ఇలా తిప్పించుకోవడం మీకు న్యాయం కాదు. నా పిల్లల చదువు పాడవుతోంది. ఈ లేఖ అందిన మూడు రోజుల్లో ఇదే అడాప్టర్ కొత్తది మార్చి ఇవ్వకపోతే మీ మీద పోలీస్ కేసు పెడతాను."

ఇలా పంపవచ్చా? కోపంలో రాశాను కానీ మాటలు తగ్గిస్తే అసలు పట్టించుకోరేమోనని భయం.

ఆల్‌రౌండర్

టీచర్ గారూ, ముందు టీవీ రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కి సరైన హెచ్‌డీఎంఐ ఎంచుకున్నారా? వెనక రెండు పోర్టులున్నాయన్నారు కాబట్టి కేబుల్ ఒకదానిలో, సోర్స్ ఇంకోదానిలో ఉండొచ్చు. కేబుల్ కూడా మార్చి చూడండి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఓటీజీ ఆన్ చేయండి.

ఇవన్నీ చేసినా రాకపోతే అడాప్టర్ పోయినట్టే. టైప్-సి అంటే అన్ని ఫోన్లకూ ఒకటే కదా, పిన్ను పట్టిందంటే పని చేయాలి. లేఖ గట్టిగానే ఉంది, పంపేయండి.

పెదనాన్న

అమ్మా, నాకూ ఇదే అనుభవం. పోయిన వేసవిలో కొన్న అడాప్టర్ అరగంటకే కాలిపోయేంత వేడెక్కి ఫోన్ బ్యాటరీ ఉబ్బింది. దాన్ని వెంటనే ప్లగ్గు నుంచి తీసేయ్. పిల్లలున్న ఇంట్లో అలాంటి చార్జర్ ప్రమాదం.

తెనాలి టీచర్

పెదనాన్న గారూ, ఇది చార్జర్ అడాప్టర్ కాదండీ, ఫోన్లో బొమ్మ టీవీలో కనపడేలా కలిపేది. వేడెక్కడం లాంటిదేమీ లేదు. జాగ్రత్త చెప్పినందుకు ధన్యవాదాలు.

ఆల్‌రౌండర్ గారూ, సోర్స్ రెండూ మార్చి చూశాను. కేబుల్ మంచిదే, సెట్‌టాప్ బాక్సుకు అదే వాడుతున్నాం. ఓటీజీ ఆన్ చేశాను, తేడా లేదు.

సర్క్యూట్ బోర్డు

టీచర్ గారూ, ఆ లేఖ ఇంకా పంపకండి. మీకు కోపం రావడంలో న్యాయముంది. కానీ అందులో రాసిన మొదటి మాటే తప్పై ఉండొచ్చు. అడాప్టర్ పాడైపోయిందని మీరు ఇంకా తేల్చుకోలేదు.

టైప్-సి అనేది పోర్టు ఆకారం పేరు. అందులోంచి ఏమేం వెళ్తాయన్నది ఫోన్ ఫోన్‌కూ మారుతుంది. ఆ చిన్న పోర్టులో 24 పిన్నులుంటాయి. చార్జింగ్‌కు, ఫొటోలు కంప్యూటర్‌లోకి పంపడానికి వాటిలో కొన్ని చాలు. ఫోన్ తెరను బయటికి పంపాలంటే వేగంగా డేటా మోసే వేరే జతలు కావాలి, ఫోన్ లోపలి చిప్పు కూడా ఆ పనికి ఒప్పుకోవాలి. మధ్యతరగతి ధరల్లో వచ్చే చాలా ఫోన్లలో ఆ జతలకు వైరింగే ఇవ్వరు. బయటినుంచి చూస్తే రెండు పోర్టులూ అచ్చం ఒకేలా ఉంటాయి, అదే చిక్కంతా. అందుకే "పిన్ను పట్టిందంటే పని చేయాలి" అన్న మాట చార్జింగ్ వరకే నిజం. మీ ఫోన్ చార్జ్ అవుతోందన్నది కూడా బొమ్మ గురించి ఏమీ చెప్పదు. ఆ దారి వేరు, ఈ దారి వేరు.

తేల్చుకోవడానికి రెండు పనులు చేయండి. మొదటిది, మీ ఫోన్ మోడల్ పేరు కొట్టి పూర్తి వివరాల పేజీలో యూఎస్‌బీ అన్న లైను చూడండి. అక్కడ DisplayPort అన్న మాట ఉంటే బొమ్మ బయటికి వస్తుంది. USB Type-C 2.0, OTG అని మాత్రమే ఉంటే రాదని దాదాపు ఖాయం. రెండోది దానికంటే గట్టి పరీక్ష. బొమ్మ బయటికి పంపుతుందని తెలిసిన ఫోన్ ఎవరిదైనా తెచ్చి అదే అడాప్టర్, అదే కేబుల్, అదే టీవీకి పెట్టండి. శాంసంగ్ గెలాక్సీ ఎస్8 నుంచి వచ్చిన ఎస్ రకం ఫోన్లు, ఐఫోన్ 15, 16 అలాంటివి. అవి దొరకకపోతే, టైప్-సి పోర్టు పక్కన డి, పి అక్షరాలు కలిసిన గుర్తు ఉన్న లాప్‌టాప్ అయినా సరిపోతుంది.

ఆ ఫోన్‌తోనూ రాకపోతే అడాప్టర్ పాడైనట్టే, మీ లేఖలో విషయం నిజమే. వస్తే మాత్రం అడాప్టర్ బాగానే ఉంది. అప్పుడు "పాడైపోయింది" అని మీరు రాసిన లేఖ పట్టుకుని షాపతను వేరే ఫోన్ పెట్టి నలుగురి ముందు చూపిస్తాడు. మీ అసలు ఫిర్యాదు సరైనదే అయినా అక్కడితో పోతుంది.

ఆల్‌రౌండర్

నా ఫోన్‌లో మాత్రం టైప్-సి అడాప్టర్ పెట్టగానే వచ్చింది. అందుకే అలా అన్నాను.

సర్క్యూట్ బోర్డు

మీది ఏ ఫోన్?

ఆల్‌రౌండర్

గెలాక్సీ ఎస్20.

సర్క్యూట్ బోర్డు

అదీ సంగతి. మీ ఫోన్లో ఆ దారి ఉంది. సోర్స్, కేబుల్ ముందు చూడమన్నది మాత్రం సరైన సలహానే, చాలామంది అక్కడే ఆగిపోతారు.

తెనాలి టీచర్

ఈరోజు మా మరిది గుంటూరు నుంచి వచ్చాడు. అతనిది గెలాక్సీ ఎస్22. అదే అడాప్టర్, అదే కేబుల్, అదే టీవీ. పెట్టిన నాలుగైదు సెకన్లలో ఫోన్ తెర టీవీలో వచ్చేసింది! పాఠం వీడియో పెట్టి చూశాం, శబ్దం కూడా టీవీలోంచే వచ్చింది. వెంటనే నా ఫోన్ పెట్టాను. మళ్ళీ No Signal.

నా ఫోన్ వివరాల్లో మీరు చెప్పినట్టే USB Type-C 2.0, OTG అని ఉంది. DisplayPort అన్న మాటే లేదు.

అంటే షాపువాళ్ళు "మీ ఫోన్‌దే ప్రాబ్లమ్" అన్నది నిజమేనా? తప్పు నాదేనా? 1,150 రూపాయలు వదిలేసుకోవాలా? రాత్రి నుంచి ఒకటే టెన్షన్‌గా ఉంది. మరిది ముందు చాలా చిన్నతనంగా అనిపించింది.

కోర్టు మెట్లు

టీచర్ గారూ, చిన్నతనం ఏమీ లేదు. నేను నరసరావుపేటలో వకీలుగా పని చేస్తున్నాను, వినియోగదారుల కేసులు చూస్తుంటాను. మీకు రెండు ప్రశ్నలు. జవాబు జాగ్రత్తగా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఒకటి: కొనేటప్పుడు షాపులో మీరు సరిగ్గా ఏమన్నారు, అతను ఏమన్నాడు? రెండు: అడాప్టర్ వచ్చిన బాక్సు మీద ఏమేం రాసి ఉంది?

తెనాలి టీచర్

నా ఫోన్ చేత్తో పట్టుకుని చూపించాను. "ఈ ఫోన్లో వీడియోలు మా టీవీలో పెద్దగా కనిపించాలి, టీవీకి హెచ్‌డీఎంఐ ఉంది, దీనికి సరిపోయేది ఇవ్వండి" అన్నాను. కౌంటర్‌లో ఉన్నతను ఫోన్ తీసుకుని కిందివైపు చూసి "టైప్-సి కదా మేడమ్, పెడితే చాలు, వచ్చేస్తుంది" అన్నాడు. మోడల్ ఏమిటని అడగలేదు. ఆ సమయంలో మా ట్యూషన్ పిల్లాడి నాన్నగారు పక్కనే ఉన్నారు, ఆయన రీచార్జ్ కోసం వచ్చారు.

బాక్సు పారేయలేదు. పైన పెద్ద అక్షరాలతో అన్ని టైప్-సి ఫోన్లకూ పని చేస్తుందని ఇంగ్లిషులో ఉంది. కింద చాలా చిన్న అక్షరాలతో దిగుమతి చేసుకున్న కంపెనీ పేరు, అడ్రసు, ఒక ఫోన్ నంబరు ఉన్నాయి.

కోర్టు మెట్లు

అయితే మీ చేతిలో మంచి ఫిర్యాదు ఉంది. నిజానికి "పాడైపోయింది" అన్నదానికంటే ఇదే గట్టిది.

1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 16వ సెక్షన్ ఉంది. కొనేవాడు తనకు ఏ పనికి కావాలో అమ్మేవాడికి చెప్పి, అతని మాట మీద ఆధారపడి కొంటే, ఆ వస్తువు ఆ పనికి తగినదై ఉండాలన్న షరతు ఆ అమ్మకంలో దానంతట అదే ఉన్నట్టు లెక్క. కాగితం మీద రాయనక్కర్లేదు. మీరు ఫోన్ చూపించారు, పని చెప్పారు, అతను చూసి సరేనన్నాడు. ఇంతకంటే స్పష్టంగా ఎవరూ అడగరు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా మీకు పనికొస్తుంది. అందులో లోపం అన్న మాటకు ఇచ్చిన అర్థం వస్తువు కాలిపోవడం, విరిగిపోవడం దగ్గర ఆగదు. అమ్మేవాడు ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణానికి వస్తువు తగ్గినా అది లోపమే. బాక్సు మీద అన్ని ఫోన్లకూ అని రాశారు. మీ ఫోన్‌కు రాలేదు. మరిది ఫోన్‌కు రావడం వల్ల ఆ మాట నిజమైపోదు.

బిల్లు మీద అచ్చేసిన లైను చూసి భయపడకండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అదే చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. మీరు 12న కొన్నారు. రోజులు లెక్కపెట్టుకుని ఆ లోపే లేఖ అందేలా చూడండి.

పోలీసుల మాట మాత్రం తీసేయండి. ఇది పోలీసుల పని కాదు, ఆ సంగతి షాపు యజమానికి మీకంటే బాగా తెలుసు. జరగని బెదిరింపు రాస్తే మిగిలిన లేఖ బరువు కూడా తగ్గుతుంది.

షాపు కౌంటర్

నేను పదేళ్ళుగా మొబైల్ యాక్సెసరీస్ షాపులో పని చేస్తున్నాను, వేరే ఊళ్ళో. మా వైపు మాట కూడా వినండి. కౌంటర్‌లో ఉన్న కుర్రాడికి ఈ పిన్నుల లెక్కలేవీ తెలియవు. హోల్‌సేల్ అతను వచ్చి "అన్నిటికీ పని చేస్తుంది" అని బాక్సులు ఇచ్చిపోతాడు, మేమూ అదే మాట చెప్తాం. రోజుకు వంద మంది వస్తారు. మోసం చేయాలని ఎవరూ అనుకోరు మేడమ్. ఆ మాట చూడగానే యజమాని లేఖ మడిచి పక్కన పెడతాడు.

ఇంకో విషయం. తెరిచిన బాక్సు మళ్ళీ అమ్ముడుపోదు. కానీ బాక్సు, లోపలి ప్లాస్టిక్ కవరు, బిల్లు అన్నీ ఉంటే హోల్‌సేల్ అతనికి తిప్పి పంపొచ్చు. అందుకే వస్తువు కొత్తదానిలా ఉందని లేఖలో రాయండి. లేఖ కౌంటర్ కుర్రాడికి కాదు, యజమానికే ఇవ్వండి. కుర్రాడికి డబ్బు వెనక్కి ఇచ్చే అధికారం ఉండదు, లేఖ చూస్తే తన జీతంలోంచి కోస్తారేమోనని భయపడి దాచేస్తాడు.

డబ్బు అడిగితే మొండికేస్తారు. మార్చి ఇమ్మని అడిగితే చాలా షాపులు ఒప్పుకుంటాయి. మీరు అదే అడగండి.

సర్క్యూట్ బోర్డు

కౌంటర్ అన్న చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, ఆ చివరిది తప్ప. మార్చి ఏమి ఇస్తారు? ఇదే రకం అడాప్టర్ ఇంకోటి ఇస్తే అదీ రాదు. వేరే కంపెనీది, రెండు వేలది ఇచ్చినా రాదు. ఫోన్లోనే దారి లేనప్పుడు అడాప్టర్ ఎన్ని మార్చినా అంతే. టీచర్ గారి మొదటి లేఖలో "ఇదే అడాప్టర్ కొత్తది మార్చి ఇవ్వండి" అని ఉంది. షాపు ఒప్పుకుని ఇచ్చేసిందనుకోండి. అడిగింది ఇచ్చేశాం కదా అంటారు, ఇంటికొస్తే మళ్ళీ No Signal. అప్పుడు ఏ మొహంతో వెళ్ళి అడుగుతారు?

కాబట్టి "ఈ ఫోన్ నుంచి ఈ టీవీకి బొమ్మ పంపే వేరే రకం పరికరం, షాపులోనే పెట్టి చూపించి ఇవ్వండి, లేదా డబ్బు ఇవ్వండి" అని అడగాలి.

తెనాలి టీచర్

వేరే రకం అంటే ఏమున్నాయండీ? నా ఫోన్‌కు అసలు దారే లేదంటున్నారు కదా.

సర్క్యూట్ బోర్డు

కేబుల్‌తో నేరుగా పంపే దారి లేదు. పక్కదారులు రెండున్నాయి.

ఒకటి, మామూలు యూఎస్‌బీ డేటా దారిలోనే బొమ్మను కుదించి పంపే అడాప్టర్. డిస్‌ప్లేలింక్ చిప్పు ఉన్నవి అలాంటివి. ఫోన్లో వాళ్ళ యాప్ వేసుకోవాలి, తెర చూడడానికి అనుమతి ఇవ్వాలి. పాఠాల వీడియోలకు సరిపోవచ్చు, కాపీ రక్షణ ఉండే సినిమా యాప్‌లలో మాత్రం నల్ల తెర వస్తుంది. మామూలు మొబైల్ షాపుల్లో దొరకడం అరుదు, ధర కూడా మీరు పెట్టినదానికి బాగా ఎక్కువ.

రెండు, టీవీ హెచ్‌డీఎంఐ పోర్టుకు తగిలించే స్టిక్. ఫోన్ నుంచి గాలిలోనే బొమ్మ వెళ్తుంది. మీ పాత టీవీకి ఇదే సుఖం. కరెంటు కోసం దాని వైరు టీవీ యూఎస్‌బీకి పెడితే కొన్నిసార్లు శక్తి చాలక ఆగి ఆగి వస్తుంది, దాని సొంత చార్జర్‌కే పెట్టండి. మీ ఇంట్లో వైఫై ఉందా?

తెనాలి టీచర్

వైఫై లేదండీ. ఫోన్ డేటానే వాడతాను. పాఠాలు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటాను.

సర్క్యూట్ బోర్డు

అదే కొంచెం చిక్కు. చాలా స్టిక్‌లు ఫోన్, తాము ఇద్దరం ఒకే వైఫైలో ఉండాలంటాయి. అదే ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తూ అదే ఫోన్ బొమ్మ పంపడం కొన్నిటితో కుదురుతుంది, కొన్నిటితో కుదరదు. మిరాకాస్ట్ అనే పద్ధతికి వైఫై రూటర్ అక్కర్లేదు, ఫోన్ నేరుగా స్టిక్‌తో మాట్లాడుతుంది. కానీ ఆ పద్ధతి మీ ఫోన్లో ఉండాలి. సెట్టింగ్స్‌లో కాస్ట్ లేదా వైర్‌లెస్ డిస్‌ప్లే అని ఉందేమో చూడండి. ఉన్నా సరే, షాపులో పెట్టి చూడకుండా తీసుకోకండి. నేను ఇక్కడ కూర్చుని ఖాయంగా వస్తుందని చెప్తే, "టైప్-సి కదా మేడమ్" అన్న అతనికీ నాకూ తేడా ఉండదు.

డల్లాస్ డైరీ

ఇంత లేఖ, ఇన్ని సెక్షన్లు ఎందుకండీ? ఇక్కడ నేను ఇలాంటిదే ఒకటి కొన్నాను, నచ్చలేదు, రెండు వారాల తర్వాత పెద్ద స్టోర్‌కు తీసుకెళ్తే కారణం కూడా పెద్దగా అడగకుండా కార్డులోకి డబ్బు వేసేశారు. ఆన్‌లైన్‌లో కొనుంటే మీకూ అంతే కదా.

కోర్టు మెట్లు

అది ఆ స్టోర్ పెట్టుకున్న పాలసీ. మన ఊరి షాపుకు అలాంటి పాలసీ లేదు, పైగా వ్యతిరేకమైనది అచ్చేసుకుంది. అందుకే కారణం చెప్పాల్సి వస్తోంది. నచ్చలేదు అంటే చట్టం ఇక్కడ సాయం రాదు. చెప్పిన పనికి రాలేదు అంటే వస్తుంది.

టీచర్ గారూ, మీ లేఖను మళ్ళీ రాశాను. తారీఖులు, పేర్లు మీరు నింపుకోండి:

"యజమాని గారికి,

ఈ నెల 12న మీ షాపులో బిల్లు నంబరు ____ కింద టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్ ఒకటి 1,150 రూపాయలకు కొన్నాను. కొనే ముందు నా ఫోన్‌ను (మోడల్ ____) మీ సిబ్బందికి చూపించి, ఇందులోని వీడియోలు మా టీవీలో కనిపించడానికి కావాలని చెప్పాను. ఫోన్ చూసిన తర్వాతే ఇది పని చేస్తుందని చెప్పి ఇచ్చారు. ఆ సమయంలో శ్రీ ____ గారు పక్కన ఉన్నారు. బాక్సు మీద కూడా అన్ని టైప్-సి ఫోన్లకూ పని చేస్తుందని రాసి ఉంది.

ఈ అడాప్టర్ నా ఫోన్‌ను టీవీకి కలపడం లేదు. ____ తారీఖున అదే కేబుల్, అదే టీవీతో మరో ఫోన్ (మోడల్ ____) పెట్టి చూడగా పని చేసింది. కాబట్టి అడాప్టర్ చెడిపోయిందని నేను అనడం లేదు. నా ఫోన్‌కు బొమ్మ బయటికి పంపే సౌకర్యం లేదు. అలాంటి ఫోన్‌కు ఈ రకం అడాప్టర్ ఎప్పటికీ పని చేయదు. నేను చెప్పిన అవసరానికి సరిపోని వస్తువు నాకు అమ్మారన్నదే నా ఫిర్యాదు.

____, ____ తారీఖుల్లో షాపుకు వచ్చి చెప్పాను. వెనక్కి తీసుకోం అన్నారు. వస్తువు, బాక్సు, లోపలి కవరు, బిల్లు అన్నీ కొత్తవాటిలా నా దగ్గర ఉన్నాయి.

దయచేసి ఈ లేఖ అందిన 10 రోజుల్లో, నా ఫోన్‌తో షాపులో పని చేసి చూపించిన వేరే పరికరాన్ని దీనికి బదులుగా ఇవ్వండి. ధరలో తేడా ఉంటే మాట్లాడుకుందాం. అలాంటిది మీ దగ్గర లేకపోతే నా 1,150 రూపాయలు తిరిగి ఇవ్వండి. రెండూ జరగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు చేయాల్సి వస్తుంది.

జతపరిచినవి: బిల్లు నకలు, బాక్సు నాలుగు వైపుల ఫొటోలు, ఫోన్ వివరాల పేజీ కాగితం.

నకలు: బాక్సు మీద ఉన్న దిగుమతిదారు అడ్రసుకు."

రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద సంతకం, తారీఖు వేయించుకోండి. సంతకం వేయం అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అడాప్టర్‌ను మాత్రం రాతపూర్వకంగా ఏదో ఒకటి తీసుకోకుండా వాళ్ళకు అప్పగించకండి.

షాపు కౌంటర్

"చెడిపోయిందని నేను అనడం లేదు" అని రాస్తే షాపువాడు అదే లైను పట్టుకోడా? మీరే ఒప్పుకున్నారు కదా అంటాడు.

కోర్టు మెట్లు

అనొచ్చు. కానీ అది నిజం, అతను ఎలాగూ వేరే ఫోన్ పెట్టి చూపిస్తాడు. అతను చూపించేదాన్ని మనమే ముందు చెప్పేస్తే, అతని చేతిలో చూపించడానికి ఏమీ మిగలదు. మిగిలేది ఒకే ప్రశ్న: ఫోన్ చూసి సరేనన్నారా లేదా?

ఇందులో బలహీనత ఉంటే అది అక్కడే ఉంది. నోటిమాటను కాదంటే సాక్షి కావాలి. పక్కనున్న పెద్దమనిషి రెండు లైన్లు రాసి సంతకం చేసిస్తే మంచిది. ఆయన ఇష్టపడకపోయినా బాక్సు మీద అచ్చు ఉంది, దాన్ని ఎవరూ కాదనలేరు. అయితే వినియోగదారుల కమిషన్‌లో ఏ బెంచి ఎలా చూస్తుందో నేను ముందే చెప్పలేను. ఫోన్ వివరాలు మీరే చూసుకోవాల్సింది అని అవతలివైపు తప్పకుండా వాదిస్తారు.

ఆల్‌రౌండర్

1,150 రూపాయలకు కోర్టుకు వెళ్తే దారి ఖర్చులే ఎక్కువవుతాయి కదా సార్.

కోర్టు మెట్లు

ముందు 1915కు ఫోన్ చేయాలి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ళు షాపుకూ కంపెనీకీ ఫిర్యాదు పంపి మాట్లాడతారు, తీర్పు చెప్పే అధికారం మాత్రం వాళ్ళకు లేదు. దానితో తేలకపోతే జిల్లా కమిషన్. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. రెండేళ్ళ గడువుంది. అయినా మీరన్నది నిజమే, తిరగడానికి రోజులు పోతాయి. ఇలాంటివి చాలావరకు లేఖ దగ్గరే తేలాలి, అందుకే దాని మీద ఇంత సమయం పెడుతున్నాను.

తెనాలి టీచర్

ఈరోజు సాయంత్రం యజమాని గారు ఉన్న సమయం చూసుకుని వెళ్ళాను. లేఖ ఇచ్చాను. నిలబడే మొత్తం చదివారు. "చెడిపోయిందని నేను అనడం లేదు" అన్న చోట ఆగి నా వైపు చూశారు. తర్వాత కౌంటర్ అబ్బాయిని పిలిచి "మేడమ్ ఫోన్ చూసి ఇచ్చావా?" అని అడిగారు. ఆ అబ్బాయి తల వంచుకుని "చూశానన్నా, టైప్-సి అని ఇచ్చాను" అన్నాడు. నాకు వాడి మీద జాలేసింది, మా ట్యూషన్ పిల్లల కంటే నాలుగైదేళ్ళు పెద్ద అంతే. వాడి జీతం కోయొద్దని యజమానితో చెప్పాను.

డబ్బు మాత్రం ఇవ్వనన్నారు. హోల్‌సేల్ అతను శనివారం వస్తాడట, అతనితో మాట్లాడి స్టిక్ ఒకటి తెప్పిస్తానని, 1,150 అందులో తగ్గించుకుని మిగతాది కట్టమని అన్నారు. నా కాపీ మీద "శనివారం మాట్లాడతాం" అని రాసి సంతకం చేశారు, తారీఖు వేశారు. అడాప్టర్ నా దగ్గరే ఉంచుకున్నాను.

సెట్టింగ్స్‌లో చూశాను, కాస్ట్ అని ఉంది. మిరాకాస్టో కాదో నాకు తెలియడం లేదు.

షాపు కౌంటర్

సంతకం చేశాడంటే మంచిదే మేడమ్. శనివారం పొద్దున్నే వెళ్ళండి, సాయంత్రానికి హోల్‌సేల్ వాళ్ళు వెళ్ళిపోతారు. మా షాపులో కూడా ఆ బాక్సులు పన్నెండు ఉన్నాయి. రేపటి నుంచి ముందు మోడల్ అడిగే ఇస్తాను.

కోర్టు మెట్లు

30 రోజుల్లో ఇంకా ఎన్ని మిగిలాయో కాగితం మీద రాసి పెట్టుకోండి. శనివారం దాటి ఇంకో శనివారం అంటే స్పీడ్ పోస్టు కాపీ కూడా పంపేయండి, దిగుమతిదారుకు కూడా.

సర్క్యూట్ బోర్డు

స్టిక్ తెస్తే షాపు టీవీకి పెట్టించి, మీ ఫోన్ డేటా, వైఫై రెండూ ఆపేసి, డౌన్‌లోడ్ చేసిన పాఠం ఒకటి పది నిమిషాలు ఆడించి చూడండి. షాపు వైఫైకి కలిపి చూపిస్తే ఒప్పుకోకండి, మీ ఇంట్లో అది ఉండదు. స్టిక్‌తో మాట్లాడడానికి ఫోన్ తనంతట తాను వైఫై ఆన్ చేయమని అడుగుతుంది, అప్పుడు ఆన్ చేయండి కానీ ఏ నెట్‌వర్క్‌కూ కలపకండి. అలా వస్తే ఇంట్లోనూ వస్తుంది. రాకపోతే తేడా డబ్బు కట్టకుండా వచ్చేయండి, మీ 1,150 రూపాయలు అడగండి.

తెనాలి టీచర్

అలాగే చేస్తాను. శనివారం రాత్రి వచ్చి ఏమైందో ఇక్కడే రాస్తాను.